ఛాలెంజర్ పేలుడుకు ఐదు రోజుల ముందు ‘ముగిసిన’ సమస్య

1986 జనవరి 23న నాసా వారి మార్షల్ కేంద్రంలో, సమస్యల నమోదు జాబితాలోని ఒక అంశాన్ని ముగిసినట్టుగా రాశారు. స్పేస్ షటిల్ బూస్టర్ రాకెట్ల కీళ్లలో ఉండే రబ్బరు ఓ-రింగులు కాలిపోతున్న సమస్య అది. జనవరి 28న ఆ కీళ్లలో ఒకదాని నుంచే మంట బయటికి తన్నింది. గాల్లోకి లేచిన 73 సెకన్లకు ఛాలెంజర్ ముక్కలైంది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు.

చలికి రబ్బరు బిగుసుకుపోయిన కథ చాలామందికి తెలుసు. ఆ ప్రమాదం గురించి కాగితాల మీద ఏం రాసుకున్నారన్నది అంతగా తెలియదు. పెద్ద పని ఏది చేపట్టినా ఈ రోజుల్లో రిస్క్ రిజిస్టర్ పెడతారు. ఏం చెడిపోవచ్చు, దాని తీవ్రత ఎంత, చూసుకోవాల్సింది ఎవరు, ఏం చేస్తున్నారు అన్నవి ఒక్కో వరుసలో ఉంటాయి. కొన్నాళ్లకోసారి సమావేశమై ఆ వరుసలను మారుస్తారు. ఎందుకు మార్చారో చెప్పేది ఆ సమావేశపు మినిట్స్. రిజిస్టర్‌లో అంకె మాత్రమే కనిపిస్తుంది, దాని వెనకున్న కారణం మినిట్స్‌లోనే దొరుకుతుంది.

ముందు రేటింగ్ సంగతి. ఒక్కో కీలుకు రెండు ఓ-రింగులు ఉండేవి. ఒకటి విఫలమైతే రెండోది కాపాడుతుందన్న నమ్మకంతో మొదట ఆ కీలుకు ‘1ఆర్’ అనే స్థాయి ఇచ్చారు. రాకెట్ మండినప్పుడు ఒత్తిడికి కీలు కొద్దిగా విచ్చుకుంటుందనీ, అప్పుడు రెండో రింగును నమ్మలేమనీ పరీక్షల్లో తేలింది. దాంతో 1982 డిసెంబరులో స్థాయిని ‘1’గా మార్చారు. అంటే ఆ ఒక్క భాగం విఫలమైతే వాహనమూ పోతుంది, మనుషులూ పోతారు. ఈ మార్పు మిగతా కాగితాలన్నిటికీ చేరలేదు. ప్రమాదం జరిగి ఐదు వారాలు దాటాక కూడా, 1986 మార్చిలో, మార్షల్ సమస్యల జాబితాలో ఆ కీలు పక్కన ‘1ఆర్’ అనే ఉంది.

తర్వాత నిర్ణయం. 1985 ఏప్రిల్‌లో ఎగిరిన షటిల్ బూస్టర్లను విప్పి చూస్తే, నాజిల్ దగ్గరి కీలులో మొదటి రింగు పూర్తిగా కాలి, రెండోది కూడా కొంత తినేసి ఉంది. ఆ జులైలో ఈ సమస్యను ‘ప్రయోగానికి ఆటంకం’గా నమోదు చేశారు. తేల్చకుండా ఎగరకూడదని దాని అర్థం. మార్షల్‌లో బూస్టర్ల ప్రాజెక్టు మేనేజర్ లారెన్స్ మల్లాయ్. ఆయన ఆ ఆటంకాన్ని ప్రయోగం ప్రయోగానికీ సడలిస్తూ వచ్చారు, అలా వరుసగా ఆరు ప్రయోగాలు జరిగాయి. ఒకసారి ఇచ్చిన సడలింపును నిర్ణయం అనవచ్చు. అదే సడలింపు ఆరోసారి కూడా ఇచ్చారంటే అక్కడ నిర్ణయం తీసుకోవడం ఆగిపోయిందని నా అభిప్రాయం.

ఇక బాధ్యులు. సడలింపు ఎవరు ఇచ్చారో రికార్డులో స్పష్టంగానే ఉంది. ఆ ఆటంకం పెట్టిన సంగతి గానీ, ఆరుసార్లు సడలించిన సంగతి గానీ ప్రయోగానికి తుది అనుమతి ఇచ్చే పై అధికారులకు తెలియదని రోజర్స్ కమిషన్ విచారణలో బయటపడింది. సమస్యను చూసుకునే మనిషి ఒకరు, ‘ఇంత ప్రమాదాన్ని మేం భరిస్తాం’ అని చెప్పే హక్కున్న మనిషి మరొకరు. రిజిస్టర్‌లో ఈ ఇద్దరి పేర్లూ ఉండాలి. ‘ఇంజినీరింగ్ విభాగం’ అని రాస్తే అడగడానికి మనిషే దొరకడు.

1985 జులైలో ఆ వరుసను సరిగా మార్చి ఉంటే ఎలా ఉండేదో ఊహించి చూద్దాం. ఇప్పటి అలవాటు ప్రకారం జరిగే అవకాశానికి ఐదు, నష్టానికి ఐదు మార్కులు అనుకుందాం. ‘అవకాశం 3 నుంచి 4కు పెంచాం, నష్టం 5, మొత్తం 15 నుంచి 20. కారణం: రెండో రింగు కూడా కాలినట్టు కనిపించింది. తాత్కాలిక చర్య: చల్లటి వాతావరణంలో ప్రయోగం వద్దు. శాశ్వత చర్య: కీలు కొత్తగా రూపొందించడం, బాధ్యులు ఫలానా వ్యక్తి, ఫలానా తేదీకి. అప్పటిదాకా ఎగరాలంటే ఫలానా పై అధికారి సంతకం.’ ఇందులో ‘పరిశీలిస్తున్నాం’ అనే మాటకు చోటు లేదు. చర్యల గడిలో ఆ మాట వరుసగా మూడు సమావేశాల్లో కనిపిస్తే పని నడవడం లేదని అనుమానించవచ్చు.

ముగింపు నమోదుకే అన్నిటికన్నా గట్టి రుజువు కావాలి. బూస్టర్లు తయారుచేసే థయోకాల్ సంస్థ 1985 డిసెంబరులో ఈ అంశాన్ని జాబితా నుంచి ముగించమని కోరింది. పరిష్కారం కోసం ఒక బృందం పనిచేస్తోందన్నది వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. బృందం ఏర్పడితే పని మొదలైనట్టే గానీ ప్రమాదం తగ్గినట్టు కాదు. ఆ నమోదు పొరపాటున జరిగిందని తర్వాత విచారణలో అధికారులు చెప్పారు. కీలు రూపం మార్చి, మూడో ఓ-రింగు చేర్చి, చలికి గట్టిపడకుండా హీటర్లు అమర్చి, నేల మీద రాకెట్లను మండించి పరీక్షించాక 1988 సెప్టెంబరులో షటిల్ మళ్లీ ఎగిరింది.