పేరు ఒకటే... పాట ఒకటేనా?

నచ్చిన పాటల జాబితా వేలల్లోకి వెళ్లాక ఒకే పాట అందులో రెండు మూడుసార్లు కనిపిస్తుంది. ఒకసారి సినిమా ఆల్బమ్ నుంచి, ఇంకోసారి ఏదో హిట్స్ సంకలనం నుంచి చేర్చుకుని ఉంటాం. స్పాటిఫై లెక్కలో అవి వేర్వేరు పాటలు.

ఏదైనా తీసేసే ముందు Exportify లాంటి సైటుతో Liked Songs మొత్తాన్ని CSV ఫైలుగా దించుకోండి. తీసేసిన పాటను మళ్లీ చేరిస్తే కొత్త తేదీతో జాబితా పైకొస్తుంది. అది మొదట ఎప్పుడు నచ్చిందో చెప్పేది ఇక ఆ ఫైలే.

ఫైలును ఎక్సెల్‌లో తెరవగానే పేర్ల వరుసలో పెట్టాలనిపిస్తుంది. తెలుగు పాటలతో అది కుదరదు. ఒకరు Sri అని రాస్తే ఇంకొకరు Shree అంటారు, ఒకే పాట కాపీలు చెరో మూలకు పోతాయి. నిడివి వరుసలో పెట్టండి. స్పెల్లింగ్ ఏదైనా, ఒకే రికార్డింగు కాపీలు చాలావరకు పక్కపక్కకే చేరతాయి. చివర్లో నిశ్శబ్దం ఎక్కువో తక్కువో ఉన్నవాటికి మాత్రం ఒకటి రెండు సెకన్ల తేడా వస్తుంది.

అయితే నిడివి కలిసినంత మాత్రాన తీసేయకూడదు. 1992 నాటి 'రోజా'లో ఒకే బాణీని బాలు తమిళం, తెలుగు, హిందీల్లో పాడారు. అవి నకళ్లు కావు. ఫైలులో ISRC ఉంటే ఈ చిక్కు తీరుతుంది. అది రికార్డింగుకిచ్చే పన్నెండు అక్షరాల గుర్తింపు. రెండింటికీ ఒకే గుర్తింపు ఉంటే నిశ్చింతగా ఒకటి తీసేయవచ్చు. నేనైతే సినిమా ఆల్బమ్‌లోదే ఉంచుతాను. గుర్తింపులు వేరైతే మాత్రం వినాల్సిందే, ఎందుకంటే సంకలనం వేసినప్పుడు పాత రికార్డింగుకే కొత్త గుర్తింపు ఇచ్చిన సందర్భాలూ ఉంటాయి.

ఎందుకు వినాలో బీటిల్స్ పాట 'షీజ్ లీవింగ్ హోమ్' చెబుతుంది. 1967లో దాని మోనో మిక్స్‌ను టేపు వేగం పెంచి చేశారు. అందుకే అది స్టీరియో కంటే కొన్ని సెకన్లు పొట్టి, శ్రుతి కూడా ఎక్కువ. 2009 రీమాస్టర్ పాత స్టీరియో మిక్స్‌నే శుభ్రపరిచింది కాబట్టి అందులో నెమ్మది నడకే ఉంది. 2017లో నిర్మాత గైల్స్ మార్టిన్ విడివిడి ట్రాకుల నుంచి మళ్లీ కలిపి, మోనో వేగాన్ని స్టీరియోలోకి తెచ్చారు. రీమాస్టర్‌కీ రీమిక్స్‌కీ తేడా అదే. ఇక్కడ 1967 స్టీరియో, 2009 రీమాస్టర్‌లలో ఒకటి చాలు. 2017 రీమిక్స్‌ను మాత్రం పోగొట్టుకోకూడదు.

రీమాస్టర్లను పోల్చేటప్పుడు సెట్టింగ్స్‌లో శబ్దస్థాయిని సమం చేసే సదుపాయం ఆన్ చేసుకోండి. లేదంటే గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది. శబ్దం సమమయ్యాక తబలా దెబ్బ వినండి. మొదటి కొట్టు మొద్దుబారి, పల్లవీ చరణాల మధ్య వచ్చే మెత్తని వేణువు కూడా కోరస్ అంత గట్టిగా వినిపిస్తే ఆ కాపీని మితిమీరి నొక్కేశారన్నమాట. తీసేయాల్సింది దాన్నే, పేరు పక్కన కొత్త సంవత్సరం ఉన్నా సరే.