చెప్పింది నలభై మూడు వేలు, చేతికొచ్చింది ఇరవై ఆరు

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ. కొత్తగా తీసుకున్న అమ్మాయికి ఇచ్చిన ఆఫర్ లెటర్‌లో సీటీసీ ఏడాదికి 5,22,000 రూపాయలు అని ఉంది. పన్నెండుతో భాగిస్తే నెలకు 43,500. ఆ అమ్మాయి జూన్ 10న చేరింది. నెల తిరిగేసరికి బ్యాంకు ఖాతాలో పడింది మాత్రం 26,000. మిగతా 17,500 ఏమైంది?

ఈ అమ్మాయి మనం లెక్క కోసం ఊహించుకున్న మనిషే. ప్రశ్న మాత్రం మొదటి జీతం అందుకున్న చాలామందిది. జవాబు జీతం స్లిప్పులోనే ఉంటుంది. ఎడమవైపు సంపాదనలు, కుడివైపు కోతలు, అడుగున నికర జీతం. సూత్రం ఒక్క వాక్యమే:

నికర జీతం = మొత్తం సంపాదన − మొత్తం కోతలు

జూన్ నెలకు ఆ అమ్మాయి స్లిప్పు ఇలా ఉంటుంది (రూపాయల్లో):

| సంపాదన | పూర్తి నెలకు | జూన్‌కు | కోత | జూన్‌కు |
|---|---|---|---|---|
| బేసిక్ | 22,000 | 15,400 | పీఎఫ్ | 1,800 |
| హెచ్‌ఆర్‌ఏ | 8,800 | 6,160 | వృత్తి పన్ను | 200 |
| కన్వేయన్స్ | 2,000 | 1,400 | టీడీఎస్ | 0 |
| స్పెషల్ అలవెన్స్ | 7,200 | 5,040 | | |
| మొత్తం | 40,000 | 28,000 | మొత్తం | 2,000 |

నికర జీతం: 28,000 − 2,000 = 26,000.

ఇప్పుడు ఆ 17,500 ఎక్కడెక్కడికి పోయిందో ఒక్కొక్కటిగా చూద్దాం.

స్లిప్పులోకే రాని 3,500

ఆఫర్ లెటర్‌లో ఉన్నది 43,500. స్లిప్పులో పూర్తి నెల జీతమే 40,000. ఈ తేడాను ఎవరూ కోయలేదు. అది మొదటి నుంచీ చేతికొచ్చే జీతంలో భాగం కాదు. సీటీసీ అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. ఈ కేసులో అందులో కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టే 1,058, ఆరోగ్య బీమా ప్రీమియం 642 కలిసి ఉన్నాయి. మూడూ కూడితే సరిగ్గా 3,500.

వీటిలో పీఎఫ్ ఉద్యోగి ఖాతాలోకే చేరుతుంది. గ్రాట్యుటీ సంగతి వేరు. పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా తీసుకుని లెక్కగడతారు. అది నెలకు బేసిక్‌లో దాదాపు 4.81 శాతం అవుతుంది. అయితే పర్మినెంట్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్లు నిండితేనే అది చేతికొస్తుంది. రెండేళ్లకే మానేసేవాళ్లకు ఆ 1,058 కాగితం మీది అంకె మాత్రమే. అందుకే రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు సీటీసీలను పక్కపక్కన పెడితే సరిపోదు. ఎడమవైపు కాలమ్ అడుగున వచ్చే మొత్తం, అంటే గ్రాస్ ఎంతో రెండు కంపెనీలనూ అడిగి పోల్చుకోవాలి.

రోజులు మింగిన 12,000

స్లిప్పు పైభాగంలో పేరు, ఉద్యోగి నంబరు పక్కనే జీతం లెక్కకు తీసుకున్న రోజులెన్నో ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి నేరుగా అడుగున ఉన్న మొత్తానికి వెళ్తారు. చూడాల్సిన మొదటి అంకె నిజానికి అదే. జూన్‌కు 30 రోజులు. పదో తేదీన చేరితే జీతం వచ్చేది 21 రోజులకు. బేసిక్ 22,000ను 30తో భాగించి 21తో హెచ్చిస్తే 15,400. మిగతా మూడు వరుసలూ ఇదే పద్ధతిలో తగ్గుతాయి. మొత్తం 40,000 కాస్తా 28,000 అయింది.

సెలవులు అయిపోయాక సెలవు పెడితే పడే లాస్ ఆఫ్ పే కోత కూడా ఇదే లెక్క. సెప్టెంబరులో మూడు రోజులు అలా పోతే 40,000లో 27/30 వంతు, అంటే 36,000 వస్తుంది. కొన్ని కంపెనీలు నెల ఎన్ని రోజులదైనా 30తోనే భాగిస్తాయి. కొన్ని ఆ నెలలో అసలు ఉన్న రోజులతో భాగిస్తాయి. ఆదివారాలు తీసేసి 26తో భాగించేవీ ఉన్నాయి. ఏది పాటిస్తున్నారో కంపెనీ నిబంధనల్లో ఉంటుంది. ముందే తెలుసుకుంటే మంచిది.

ఇక్కడ జరిగే పొరపాట్లకు ఎక్కువగా హాజరు లెక్కను ముగించే తేదీ కారణం. నెలాఖరుకు జీతాలు పడాలంటే చాలాచోట్ల నెల ముగియకముందే హాజరు లెక్క కట్టేస్తారు. ఆ తేదీ తర్వాత పెట్టిన సెలవు వచ్చే నెల స్లిప్పులో కోతగా కనిపిస్తుంది. మేనేజర్ ఆలస్యంగా ఆమోదించిన సెలవు ఈ నెల లాస్ ఆఫ్ పేగా పడి, వచ్చే నెల ఏరియర్స్ పేరుతో వెనక్కి వస్తుంది. ‘ఈ నెల నేనేం సెలవు పెట్టలేదే’ అనిపిస్తే ముందు పోయిన నెల చివరి వారం గుర్తుచేసుకోవాలి.

పీఎఫ్ 1,800: కోతే గానీ ఖర్చు కాదు

ఉద్యోగి వాటాగా బేసిక్, కరవు భత్యం కలిపిన మొత్తంలో 12 శాతం పీఎఫ్‌కు వెళ్తుంది. మన అమ్మాయి జూన్ బేసిక్ 15,400 కాబట్టి 12 శాతమంటే 1,848 రావాలి. స్లిప్పులో 1,800 ఎందుకుంది? పీఎఫ్‌కు చట్టం పెట్టిన జీత పరిమితి 2014 సెప్టెంబరు నుంచి 15,000. అంతవరకే లెక్కగట్టే వెసులుబాటు కంపెనీకి ఉంది. 15,000లో 12 శాతం 1,800. అందుకే జూలైలో బేసిక్ పూర్తిగా 22,000 వచ్చినా, సెప్టెంబరులో మూడు రోజులు పోయి 19,800కు తగ్గినా పీఎఫ్ మాత్రం కదలదు. పూర్తి బేసిక్ మీద కోసే కంపెనీలో అయితే 2,640 పోయేది. చేతికి తగ్గేది, ఖాతాలో పెరిగేది.

కంపెనీ కూడా తన వాటాగా మరో 1,800 కడుతుంది. ఆ వాటా స్లిప్పులో కొన్నిచోట్ల కింద విడిగా ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. 15,000 లోపు జీతంతో పీఎఫ్‌లో చేరినవాళ్ల విషయంలో కంపెనీ వాటా రెండుగా చీలుతుంది. 8.33 శాతం పింఛను పథకానికి, మిగతాది పీఎఫ్‌కు పోతుంది. కానీ 2014 సెప్టెంబరు తర్వాత మొదటిసారి ఉద్యోగంలో చేరి, అప్పటికే పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం 15,000 దాటినవాళ్లు పింఛను పథకంలోకి రారు. మన అమ్మాయి ఈ కోవలోకే వస్తుంది. కంపెనీ కట్టే 1,800 మొత్తం ఆమె పీఎఫ్‌లోనే పడాలి. మొదటి నెలకే ఖాతాలో 3,600 ఉండాలి.

ఈ చిన్న నిబంధన దగ్గర కొన్ని పేరోల్ విభాగాలు తప్పటడుగు వేస్తుంటాయి. అలవాటు కొద్దీ అందరికీ 1,250 పింఛను వైపు పంపేస్తాయి. ఉద్యోగి ఏళ్ల తర్వాత డబ్బు తీసుకోబోయినప్పుడో, మరో కంపెనీకి ఖాతా మార్చుకోబోయినప్పుడో ఇది బయటపడి దరఖాస్తు ఆగిపోతుంది. జీతం స్లిప్పు చూస్తే ఇది తెలియదు. పన్నెండు అంకెల యూఏఎన్‌తో ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్ తెరిచి చూడాలి. అందులో ఉద్యోగి వాటా, కంపెనీ వాటా, పింఛను అని మూడు కాలమ్‌లు ఉంటాయి. ఈ అమ్మాయి లాంటివాళ్లకు మూడోది సున్నాగా ఉండాలి.

అదే పాస్‌బుక్‌తో ఇంకో సంగతీ తేలుతుంది. కోసిన డబ్బును కంపెనీ తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. స్లిప్పులో కోత ఉండి రెండు నెలలైనా పాస్‌బుక్‌లో జమ కనిపించకపోతే కోశారు గానీ కట్టలేదేమోనని అనుమానించాల్సిందే. ముందు హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే ఈపీఎఫ్‌ఓకు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు ఆ స్లిప్పులే సాక్ష్యం.

వృత్తి పన్ను 200

దీన్ని రాష్ట్ర ప్రభుత్వం వసూలు చేస్తుంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెల జీతం 15,000 దాటితే 150, 20,000 దాటితే 200. రాజ్యాంగం ప్రకారం ఏ రాష్ట్రమూ ఒక మనిషి దగ్గర ఏడాదికి 2,500 మించి వసూలు చేయకూడదు. ఢిల్లీలో ఈ పన్నే లేదు. హైదరాబాద్ నుంచి అక్కడికి బదిలీ అయితే స్లిప్పులో ఈ వరుస మాయమవుతుంది.

దీంతో లెక్క సరిపోయింది: 3,500, 12,000, 1,800, 200. మొత్తం 17,500. జూలైలో పూర్తి నెల పనిచేస్తే 40,000లో 2,000 పోయి 38,000 వస్తుంది. ఆ అమ్మాయి ఇంటి అద్దె, వాయిదాలు బేరీజు వేసుకోవాల్సింది ఈ 38,000 మీదే.

సున్నాగా ఉన్న టీడీఎస్

ఆదాయపు పన్ను కోతకు ఆ ఒక్క నెల జీతం ఆధారం కాదు. ఆర్థిక సంవత్సరం మొత్తానికి ఎంత జీతం వస్తుందో కంపెనీ అంచనా వేసి, దానిమీద పన్ను లెక్కించి, మిగిలిన నెలలకు పంచుతుంది. మన అమ్మాయికి పన్నెండు నెలలూ జీతం వచ్చినా 4,80,000. కొత్త పన్ను విధానంలో అందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తారు. 2025-26 నుంచి పన్ను పడే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేటు పోను కట్టాల్సింది ఏమీ ఉండదు. అందుకే ఆ గడిలో సున్నా.

అదే ఏడాదికి 15 లక్షల జీతమైతే పన్ను పడేది 14,25,000 మీద. 2025-26 శ్లాబుల ప్రకారం పన్ను 93,750, దానిమీద 4 శాతం సెస్ కలిపితే 97,500. నెలకు 8,125.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లు చిక్కులో పడేది ఈ గడి దగ్గరే. పాత కంపెనీలో వచ్చిన జీతం చెప్పకపోతే, కొత్త కంపెనీ తాను ఇచ్చే జీతాన్నే ఏడాది ఆదాయం అనుకుంటుంది. స్టాండర్డ్ డిడక్షన్, పన్ను పడని తొలి శ్లాబు రెండు కంపెనీల్లోనూ రెండేసి సార్లు లెక్కలోకి వస్తాయి. నెలనెలా కోత తక్కువగా కనిపించి హాయిగానే ఉంటుంది. రిటర్ను వేసేటప్పుడు మాత్రం తక్కువ పడిన పన్నంతా ఒక్కసారే, ఒక్కోసారి వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. చేరిన మొదటి నెలలోనే పాత కంపెనీ చివరి స్లిప్పును, అక్కడ కోసిన టీడీఎస్ వివరాలను కొత్త కంపెనీకి ఇచ్చేస్తే ఈ తిప్పలుండవు. టీడీఎస్ గడిలోని అంకె కొంచెం పెరుగుతుంది, అంతే.