మోచేతి మడతకు నాలుగు మూలలా, మూడు మూలలా?

త్రీడీ మోడలింగ్ నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్లకు తొలి రోజుల్లోనే ఒక ఆంక్ష వినిపిస్తుంది: బొమ్మంతా క్వాడ్లతోనే కట్టాలి, ట్రయాంగిల్ కనపడకూడదు. క్వాడ్ అంటే నాలుగు మూలల పలక, ట్రయాంగిల్ అంటే మూడు మూలలది. యానిమేషన్ సినిమాలో నడిచే పాత్రైనా, గేములో పరిగెత్తే సైనికుడైనా ఇలాంటి వేల పలకలను అంచులు కలిపి అల్లిన బోలు తొడుగే. దాన్ని మెష్ అంటారు. తమాషా ఏమిటంటే, అంత జాగ్రత్తగా క్వాడ్లతో కట్టిన మెష్‌ను గేమ్ ఇంజన్‌లోకి ఎక్కించగానే అది ప్రతి క్వాడ్‌నూ మూల నుంచి మూలకు కోసి రెండేసి ట్రయాంగిళ్లు చేసేస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకు గీయడం తెలిసింది ట్రయాంగిళ్లనే. మరి అంత పట్టుబట్టి క్వాడ్లు పెట్టించడం దేనికి?

బొమ్మ నిటారుగా నిలబడి ఉన్నంతసేపూ దీనికి జవాబు దొరకదు. మోచేయో మోకాలో వంచి చూడాలి.

మెష్ లోపల ఎముకల వరస ఒకటి అమరుస్తారు. ఆ పని పేరు రిగ్గింగ్. పలకలు కలిసే ప్రతి బిందువూ ఏ ఎముకతో ఎంత కదలాలో ఒక వాటా నిర్ణయిస్తారు. దాన్ని వెయిట్ అంటారు. భుజం వైపు బిందువులు పూర్తిగా పైచేతి ఎముకవి, మణికట్టు వైపువి పూర్తిగా ముంజేతి ఎముకవి, సరిగ్గా కీలు దగ్గరున్నవి చెరిసగం. ముంజేయి తిరిగినప్పుడు కంప్యూటర్ జరిపేది ఈ బిందువులనే. వాటి మధ్య ఉన్నది నాలుగు మూలల పలకా, మూడు మూలల పలకా అన్నది ఆ లెక్కలోకే రాదు. కాబట్టి క్వాడ్లు వాడినంత మాత్రాన మోచేయి బాగా వంగుతుందనుకోవడం భ్రమ. బిందువులు ఎక్కడున్నాయి, ఏ బిందువును ఏ బిందువుతో గీత కలిపింది అన్నదే అసలు సంగతి. క్వాడ్ల గొప్ప ఏమిటంటే, వాటితో కడితే గీతలు వాటంతటవే చేతి చుట్టూ గాజుల్లా వరసలు కడతాయి. ఈ వరసే ఎడ్జ్ లూప్. బ్లెండర్‌లో ఒక గీత మీద Alt నొక్కి క్లిక్ చేస్తే లూప్ మొత్తం ఎంపికవుతుంది, దాన్ని అటూ ఇటూ జరపొచ్చు, వెయిట్ ఒక్కసారే ఇవ్వొచ్చు. మధ్యలో ఎక్కడో ట్రయాంగిల్ తగిలితే లూప్ అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడొక చేతిని తీసుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి గుండ్రటి గొట్టమే అనుకుందాం: చుట్టూ ఎనిమిది పలకలు, మధ్య నుంచి చర్మానికి 4 సెంటీమీటర్లు. మోచేతి దగ్గర మూడు లూపులు పెట్టాం. ఒకటి కీలు మీద, మిగతా రెండూ దానికి చెరో పక్కా 2 సెంటీమీటర్ల దూరంలో. కొత్తవాళ్లకు అందరూ నేర్పే అమరిక ఇదే. ముంజేతిని 90 డిగ్రీలు వంచుదాం.

మోచిప్ప వైపు, అంటే వెలుపల, పక్క లూపుల మధ్య 4 సెంటీమీటర్లున్న దూరం సాగి దాదాపు 8.5 అవుతుంది. చర్మం రెట్టింపు కన్నా ఎక్కువ సాగిందన్నమాట. ఆ మధ్యలో ఉన్న కీలు లూపు బిందువు రెండు ఎముకల మాటా సగం సగం వింటుంది కనుక రెండు చోట్లకూ నడిమధ్యన పడుతుంది. కీలు నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఉండాల్సింది 2.8కి లోపలికి జారుతుంది. అంటే సుమారు 30 శాతం కండ మాయం. 120 డిగ్రీలు వంచితే సరిగ్గా సగమే మిగులుతుంది. రబ్బరు పైపును వంచినప్పుడు మలుపు దగ్గర నొక్కుకుపోయినట్టే మోచేయి చదునైపోతుంది. బ్లెండర్‌లో ఆర్మేచర్ మాడిఫైయర్‌లో ఉండే Preserve Volume అనే గడి టిక్కు పెడితే ఈ లెక్క మారి బిందువు 4 సెంటీమీటర్ల దగ్గరే నిలబడుతుంది. కానీ గేముల్లో ఎక్కువగా నడిచేది పాత సగటు లెక్కే. అందుకే వంగినప్పుడు మాత్రమే పనిచేసే దిద్దుబాటు ఆకారం ఒకటి విడిగా చెక్కి పెడతారు.

లోపలి మడతలో జరిగేది ఇంకా అన్యాయం. ముంజేతి వైపు లూపు, వంగేసరికి, పైచేతి చర్మాన్ని చీల్చుకుని 2 సెంటీమీటర్ల లోతుకు దిగిపోతుంది. ఒక పలకలోకి ఇంకో పలక దూరి, వెలుతురు పడితే అక్కడ నల్లటి ముక్కలు చెదిరినట్టు కనిపిస్తాయి. లూపులు ఒకదాన్నొకటి దాటకుండా ఉండాలంటే, 90 డిగ్రీల వంపుకే అవి కీలు నుంచి 4 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి. 120 డిగ్రీలైతే దాదాపు 7. అసలు మనిషి మోచేయి అంతకన్నా ఎక్కువే, సుమారు 145 డిగ్రీల దాకా వంగుతుంది. అంటే వెలుపల లూపులు దగ్గర దగ్గరగా కావాలి, లోపల దూరం దూరంగా కావాలి. గాజుల్లా సమానంగా పేర్చిన లూపులు ఈ రెండు కోరికలనూ ఒకేసారి తీర్చలేవు.

ట్రయాంగిల్‌కు పని దొరికేది ఇక్కడే. వెలుపల మూడు లూపులనూ అలాగే ఉంచి, లోపలి వైపు వాటిని ఒకే గీతగా కలిపేయాలి. మన ఎనిమిది నిలువు వరసల్లో మడత లోపల పడే మూడింటిలో, మూడేసి బిందువులు ఒక్కో బిందువుగా మారతాయి. లోపలి నాలుగు క్వాడ్లు మాయమవుతాయి. ఒక బిందువు వరస, మూడు బిందువుల వరస కలిసే చోట, చేతికి చెరో పక్కా రెండేసి చొప్పున నాలుగు ట్రయాంగిళ్లు ఏర్పడతాయి. విసనకర్రలా విచ్చుకునే ఈ అమరికలో లోపలి పలకలు ఒకే గీత మీద పుస్తకంలా మూసుకుంటాయి. ఇప్పుడు లోపల తర్వాతి లూపు కీలు నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, 90 డిగ్రీల దగ్గర మడత గీత లోపలికి దిగి, రెండు పలకలూ దానికి అటూ ఇటూ శుభ్రమైన లోయలా నిలబడతాయి. ఏదీ దేనిలోకీ దూరదు. కీలు దగ్గర 32 ట్రయాంగిళ్లు కావాల్సిన చోట 20తో సరిపోతుంది. ఆ 12 ఆదా కావడం నేటి కంప్యూటర్లకు లెక్కలోకే రాదు. మడత బాగుపడటమే లాభం.

అయితే ట్రయాంగిల్ ఉండాల్సింది చేతి పక్కన, వెలుపల కాదు. వెలుపలి పలకలు రెట్టింపు సాగుతాయని చూశాం కదా, అక్కడ ఉన్న ప్రతి అడ్డగీతా కంటికి కొడుతుంది.

క్వాడ్లతో వచ్చే దాగుడుమూతలు కూడా అక్కడే. చేయి చాచి ఉన్నప్పుడు నాలుగు మూలలూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి ఇంజన్ దాన్ని ఏ కర్ణం వెంట కోసినా తేడా తెలియదు. చేయి వంగగానే పలక మెలిపడుతుంది. అప్పుడు కోత ఏ కర్ణం మీద పడిందో దాన్నిబట్టి అక్కడ గట్టులాగైనా లేస్తుంది, గుంటలాగైనా పడుతుంది. ఈ కోత ఒక్కసారే, చేయి చాచి ఉన్నప్పుడే నిర్ణయమైపోతుంది. వంగినప్పుడు మళ్లీ ఆలోచించే ఓపిక ఇంజన్‌కు లేదు. మోచిప్పకు పైనా కిందా ఉన్న క్వాడ్లు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా కోయబడాలి. రెండూ ఒకే వైపు వాలితే మోచేతి అంచు రంపంలా కనిపిస్తుంది. కనిపెట్టడం సులువు: ఎడమ చేయీ కుడి చేయీ ఒకే కోణంలో వంచి, స్మూత్ షేడింగ్ తీసేసి, పక్క నుంచి దీపం పెట్టి చూడాలి. ఒక చేయి నునుపుగా, ఇంకోటి గరుకుగా ఉంటే దోషం కర్ణాలదే. నమ్మకంగా కావాలంటే ఆ కొద్ది క్వాడ్లనూ మనమే కోసేసుకోవాలి. బ్లెండర్‌లో ఎదురు మూలల బిందువులు రెండూ ఎంచుకుని J నొక్కితే గీత పడుతుంది. ఆ మాటకొస్తే, ఇంజన్‌లోకి పంపేముందు మెష్ మొత్తాన్ని మనమే ట్రయాంగిళ్లు చేసి, ఆ మెష్ మీదే నార్మల్ మ్యాప్ తీసుకోవడం మంచిది. లేకపోతే మ్యాప్ తీసిన సాఫ్ట్‌వేర్ ఒక కర్ణం, ఇంజన్ ఇంకో కర్ణం ఎంచుకుని, చర్మం మీద అర్థంకాని ఏటవాలు నీడలు తేలతాయి.

సినిమాల దారి వేరు. అక్కడ పలచటి మెష్‌ను కట్టి, గీసే సమయంలో దాన్ని పదే పదే విభజించి నునుపు చేస్తారు. ఎడ్విన్ కాట్‌మల్, జిమ్ క్లార్క్ 1978లో ప్రకటించిన పద్ధతికి ఇప్పటికీ వాళ్ల పేర్లే. పిక్సార్ 1997లో తీసిన 'గెరీస్ గేమ్' అనే పొట్టి చిత్రంలో ముసలాయన బొమ్మకు ఇలాంటి నునుపు ఉపరితలాలనే వాడారు. ఈ విభజనలో ప్రతి క్వాడ్ నాలుగు బుల్లి క్వాడ్లవుతుంది. ట్రయాంగిల్ అయితే మూడు క్వాడ్లుగా విరిగి నడిమధ్య మూడు గీతలే కలిసే బిందువును మిగులుస్తుంది. మామూలు చోట్ల నాలుగు గీతలు కలుస్తాయి. ఆ తేడా మెరిసే చర్మం మీద చిన్న బొడిపెలాగో నొక్కులాగో కనిపించి, చేయి వంగినప్పుడు పెరుగుతుంది. అందుకే సినిమా మోడలర్లు వెలుపల మూడు, లోపల ఒకటి అన్న పొందికనే ట్రయాంగిల్ లేకుండా క్వాడ్లతోనే సాధిస్తారు. బిందువులు ఎక్కువ పడతాయి, కానీ నునుపు దక్కుతుంది. ఒకరి ఆంక్షను ఇంకొకరికి నూరిపోయడం వల్లే ఈ గొడవంతా. సినిమాకు పుట్టిన నియమాన్ని గేము కుర్రాళ్లు వేదవాక్కులా మోస్తున్నారు.

మోకాలికి ఇదే లెక్క తిరగబడుతుంది: ముందు సాగుడు, వెనక మడత. ముందు మోకాలి చిప్ప ఉంది కాబట్టి అక్కడ దాని చుట్టూ తిరిగే క్వాడ్ల వలయం ఒకటి పెడితే వంగినప్పుడు చిప్ప ఆకారం నిలుస్తుంది. వెనక, తొడా పిక్కా ఒత్తుకునే చోట, విసనకర్ర అమరికే. ఎముక కీలును కూడా కాలి నడిమధ్య కాక కాస్త ముందుకు పెడితే సాగుడు తగ్గుతుంది. మోచేతిలో అయితే వెనక్కి. ఇంకో చిట్కా, చేతులూ కాళ్లూ ముందే కొంచెం వంచి ఉన్న భంగిమలో మోడల్ చేయడం. చాచినా ముడిచినా ఆకారం ప్రయాణించే దూరం తగ్గుతుంది.

కీటకాల బొమ్మలకు మాత్రం ఈ తలనొప్పి చాలావరకు లేదు. 'ఈగ' సినిమాలాంటి కథలో నాయకుడి కాళ్లు గట్టి పెంకు ముక్కలు కీళ్ల దగ్గర అతికినవి, వాటి మీద సాగే చర్మం ఉండదు.

మీ బొమ్మ గేముకైతే మడత పక్కన నాలుగు ట్రయాంగిళ్లకు భయపడకండి. నునుపు చేసే సినిమాకైతే వాటిని రానివ్వకండి. ఏదైనా సరే, యూవీలు విప్పకముందే తాత్కాలికంగా రెండు ఎముకలు పెట్టి 90 డిగ్రీలకు, ఆ తర్వాత 130కి వంచి చూడండి. ఆ తర్వాత మెష్ మారిస్తే యూవీలు, నార్మల్ మ్యాపులు, వెయిట్లు అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.