మహ్యావా: ఉప్పులో మాగిన చిరుచేపలు

ఫర్వానియాలో మేము సరుకులు కొనే దుకాణంలో గోధుమవన్నె ద్రవం నిండిన సీసాలు ఉంటాయి. దాని పేరు మహ్యావా. ఇరాన్ దక్షిణ తీరం నుండి గల్ఫు ఈవలి ఒడ్డుకు వచ్చిన చేపల ఊట ఇది. పలుచని రిగాగ్ రొట్టెపై పూసుకొని తింటారు. ఆవాలు, ధనియాలు, జీలకర్ర, సోంపు కలుస్తాయి కనుక ఆవకాయ ఎరిగిన ముక్కుకు ఆ ఘాటు పూర్తిగా కొత్త కాదు. మలేషియా తోటల్లో పుట్టిన మనవారికి తెలిసిన కెలంతాన్ 'బుడు' దీనికి దగ్గరి చుట్టం. బుడులో మసాలా ఉండదు; చేప, ఉప్పు, కాలం చేసే పని అందులో స్పష్టంగా కనబడుతుంది.

మూడు కిలోల పచ్చి నెత్తళ్ళకు ఒక కిలో ఉప్పు కలిపి జాడీకెత్తి, పైన బరువు పెడతారు. ఉప్పు చేపలోని నీటిని బయటికి లాగుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే చేపలు తమ నీటిలోనే మునుగుతాయి. ఆపైన కరిగించే పని చేప కడుపులోని జీర్ణరసాలది. అవి మాంసాన్ని మెల్లగా సూక్ష్మభాగాలుగా విడదీస్తాయి. నోరూరించే ఆ గాఢమైన రుచి వాటిదే. కడుపు తీయకుండా చేపను నిలువుగా వేయడానికి కారణమిదే. ఆరు నెలల నుండి ఏడాది పడుతుంది.

మరి కుళ్ళదెందుకు? మూడు కిలోల చేపలో నీరు సుమారు రెండుంబావు కిలోలు. ఆ నీరు కరిగించుకోగల ఉప్పు దాదాపు 800 గ్రాములు. మిగిలిన 200 గ్రాములు అడుగున కరగకుండా నిలుస్తాయి. నీరంతా ఉప్పుకే అంటిపెట్టుకొని ఉండడంతో, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు వాడుకొనే నీరు దొరకదు. అడుగున ఉప్పు కనబడితే చాలినంత పడిందని గుర్తు.

మా పరిచయస్థులొకరు రక్తపోటుకు భయపడి, అన్ని చేపలకు 150 గ్రాములే వేశారు. అంటే ఆ నీటిలో ఉప్పు నూటికి ఆరు పాళ్ళు మాత్రమే. వారంలోగా మూత ఉబ్బింది, మొత్తం పారబోయించాము. బొటులిజం విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి గాలి లేనిచోట పెరుగుతుంది; దానిని ఆపడానికి నూటికి పది పాళ్ళ ఉప్పు కావాలి. 1991లో ఈజిప్టులో ఫసీఖ్ చేపలు తిని జనం మరణించారు. ఉప్పు తగ్గించదలిస్తే తినేటప్పుడు తక్కువ వడ్డించుకోవాలి గాని, జాడీలో తగ్గించరాదు.

ఉప్పు సరిదిద్దలేని తప్పు ఒకటుంది. చేపలు ఉప్పు తగలకముందే ఎండవేడిమిలో గంటల తరబడి పడి ఉంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. వాసన చూసి దానిని పట్టలేము, మరిగించినా పోదు. తిన్నవారికి ముఖం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. కువైటు వేసవిలో చేపలను మంచుగడ్డలలో ఉంచి తెచ్చి, తెచ్చిన వెంటనే ఉప్పులో కలపాలి. మహ్యావాను నీళ్ళతో పలుచన చేస్తే ఉప్పు బలం తగ్గుతుంది కనుక ఆ సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచాలి.