పాత ఉద్యోగి గురించి ఫోన్ వస్తే

‘మీ దగ్గర పనిచేసి మానేసిన అబ్బాయి మా కంపెనీలో చేరాలనుకుంటున్నాడు, ఎలాంటివాడో చెప్తారా?’ అని ఫోన్ వస్తే చాలామంది యజమానులు ‘చాలా మంచివాడండీ’ అనేసి ఊరుకుంటారు. లేదంటే ‘ఆ, పనిచేశాడు’ అని పొడిగా ముగిస్తారు. ఈ రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ ముక్తసరి జవాబు విన్నవాళ్లు అతను చేయని తప్పులు కూడా ఊహించుకుంటారు.

ముందు అడిగేదెవరో తేల్చుకోవాలి. కంపెనీ ఐడీ నుంచి మెయిల్ పెట్టమని, అభ్యర్థి మీ పేరు తానే ఇచ్చాడో లేదో చెప్పమని అడగండి. అతనికి తెలియకుండా వాకబు చేస్తుంటే మాట్లాడకండి. ఉద్యోగం ఏమిటో కూడా కనుక్కోండి. జవాబు దాన్ని బట్టే ఉంటుంది.

ఒక హోల్‌సేల్ వ్యాపారంలో అకౌంట్స్ అసిస్టెంట్ సంగతి తీసుకుందాం. లెక్క ఒక్క పైసా తేడా రాదు. కానీ నెలనెలా 11వ తేదీలోపు వేయాల్సిన జీఎస్టీఆర్-1 రెండుసార్లు ఆలస్యం చేశాడు. ఆ నెల కొనుగోలుదారులకు ఇన్‌పుట్ క్రెడిట్ కనబడలేదు, వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ‘అతను బాధ్యత లేనివాడు’ అంటే అది మన తీర్పు. ‘లెక్కల్లో తప్పు చూడలేదండీ. రిటర్నులు రెండుసార్లు గడువు దాటాయి. బిల్లులన్నీ నెలాఖరులో ఒకేసారి ఇచ్చేవాళ్లం, అదీ ఒక కారణం. వారంవారం చూసేవాళ్లుంటే బాగా చేస్తాడు’ అంటే జరిగింది చెప్పినట్టు. ఇందులో అబద్ధం లేదు, అతని అన్నం మీద కొట్టడమూ లేదు.

అసలు చిక్కు ‘మళ్లీ తీసుకుంటారా?’ అన్న ప్రశ్న దగ్గర వస్తుంది. అక్కడ తడబడితే అవతలివాళ్లు దాన్నే జవాబనుకుంటారు. ‘లెక్కలు రాయడానికి తీసుకుంటాను, రిటర్నులు ఒక్కడికే అప్పగించను’ అని సూటిగా చెప్పడమే న్యాయం.

డబ్బు విషయంలో ఆఫీసులో గుసగుసలున్నాయని మాత్రం నోరు జారకూడదు. విచారణ జరిగి రికార్డయితే తప్ప అది మన నోట రావాల్సిన మాట కాదు. అనారోగ్యం, ప్రసూతి సెలవులు, కులం, ఇంటి గొడవలు అసలే వద్దు. పరువునష్టం కేసు భయం ఉన్నవాళ్లకు ఒక మాట: 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, ఎదుటివారి ప్రయోజనం కాపాడేందుకు సద్భావంతో చెప్పిన మాటకు మినహాయింపు ఇస్తోంది. తగిన జాగ్రత్త లేకుండా అన్నది సద్భావం కిందకు రాదు. కళ్లారా చూసినదే చెప్పాలనడం అందుకే.

ఇదంతా ఆ అబ్బాయి ‘మీ పేరు ఇచ్చుకోవచ్చా సార్?’ అని అడిగిన రోజే తేల్చేయొచ్చు. ‘ఇచ్చుకో బాబూ, కానీ అడిగితే రిటర్నుల ఆలస్యం కూడా చెప్తాను’ అనండి. చెప్పడానికి ఒక్క మంచీ లేకపోతే, వేరేవాళ్ల పేరు ఇచ్చుకోమని అప్పుడే చెప్పండి.