‘క్లెయిమ్ తిరస్కరించాం’ అన్న లేఖను ఎలా చదవాలి?

జీవిత బీమా క్లెయిమ్ తిరస్కరణ లేఖ సాధారణంగా ఇంగ్లీషులో, ఒకటి రెండు పేజీల్లో ఉంటుంది. ‘రిపుడియేటెడ్’ అన్న మాట చెవిన పడగానే ఇక డబ్బు రాదనుకుని కుటుంబాలు ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో పెట్టేస్తాయి. నిజానికి దాన్ని సవాలు చేయడానికి కావలసిన సమాచారం చాలావరకు ఆ కాగితంలోనే ఉంటుంది. అందులో వెతకాల్సినవి మూడు: చెప్పిన కారణం, చూపిన నిబంధన, మిగిలిన గడువు.

ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక వ్యవసాయ కూలీ 2020 జూన్ 10న రెండు లక్షల పాలసీ తీసుకున్నాడు. మధ్యలో వాయిదాలు కట్టలేక పాలసీ ఆగిపోయింది. బకాయి కట్టి 2022 మే 5న పునరుద్ధరించుకున్నాడు. 2024 ఫిబ్రవరి 18న గుండెపోటుతో చనిపోయాడు. 2019 నుంచి షుగర్‌కు వైద్యం చేయించుకుంటున్న విషయం దాచాడంటూ 2024 జూన్ 12 తేదీతో భార్యకు తిరస్కరణ లేఖ వచ్చింది.

మొదట కారణం. అది ఎక్కువగా రెండో పేరాలో ఉంటుంది. అక్కడ ‘సప్రెషన్ ఆఫ్ మెటీరియల్ ఫ్యాక్ట్’ అని ఉందా, ‘ఫ్రాడ్’ అని ఉందా చూడాలి. మొదటిది ముఖ్య విషయం చెప్పకపోవడం, రెండోది ఉద్దేశపూర్వక మోసం. మోసం కాకుండా కేవలం విషయం దాచారన్న కారణంతో తిరస్కరిస్తే, అప్పటిదాకా కట్టిన ప్రీమియాన్ని కంపెనీ 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. పైగా ఆ విషయం ముందే తెలిసి ఉంటే అసలు పాలసీ ఇచ్చేవాళ్లం కాదని నిరూపించాల్సింది కంపెనీయే. మోసం అని రాస్తే భారం కుటుంబం మీదికి మారుతుంది. ఒక్క మాటతో ఇంత తేడా వస్తుంది.

తర్వాత నిబంధన. ఇలాంటి లేఖల్లో కనిపించేది 1938 నాటి బీమా చట్టం సెక్షన్ 45. మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదని అది చెబుతుంది. ఇది విని చాలామంది పాలసీ తీసుకున్న రోజు నుంచి లెక్కపెడతారు. అలా చూస్తే మన ఉదాహరణలో నాలుగేళ్లు నిండాయి. కానీ పాలసీ జారీ, రిస్కు మొదలు, పునరుద్ధరణ, రైడర్ చేర్చిన తేదీల్లో ఏది చివరిదైతే అక్కడి నుంచి లెక్కపెట్టాలి. 2022 మే 5 నుంచి చూస్తే రెండేళ్లు దాటి నెల మాత్రమే అయింది. కాబట్టి మూడేళ్ల వాదన ఇక్కడ నిలవదు. పునరుద్ధరణ జరగని పాలసీ అయితే అదే బలమైన వాదన.

అయినా దారి మూసుకుపోలేదు. ఏ కారణంతో, ఏ ఆధారాలతో నిర్ణయం తీసుకున్నారో నామినీకి రాతపూర్వకంగా తెలపాలని అదే సెక్షన్ అంటుంది. లేఖలో ‘మా విచారణలో తేలింది’ అని మాత్రమే ఉంటే, ఏ ఆసుపత్రి రికార్డు, ఏ తేదీది అని అడగాలి. ప్రపోజల్ ఫారం, పునరుద్ధరణప్పుడు ఇచ్చిన ఆరోగ్య ప్రకటన నకళ్లు కూడా కోరాలి. చదువురాని వ్యక్తి వేలిముద్ర వేసి ఉంటే, ప్రశ్నలు అతని భాషలో చదివి వివరించానని మరొకరు సంతకం చేయాల్సిన చోటు ఫారంలో ఉంటుంది. అది ఖాళీగా ఉందా, ఏజెంటే నింపాడా చూడాలి. అతన్ని అడగని ప్రశ్నకు జవాబు దాచాడనడం ఎలా కుదురుతుందన్నది అక్కడ పుట్టే వాదన.

చివరగా గడువు. పునఃపరిశీలనకు ఎవరికి, ఎన్ని రోజుల్లో రాయాలో సాధారణంగా లేఖ చివరి పేరాలో ఉంటుంది. లేఖ తేదీ ఒకటి, చేతికి అందిన తేదీ మరొకటి కావచ్చు కనుక పోస్టు కవరు దాచుకోవాలి. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలంటే ముందు కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు చేసి ఉండాలి. మన ఉదాహరణలో ఆమె 2024 జులై 8న రిజిస్టర్డ్ పోస్టులో పంపిందనుకుందాం. నెలలో జవాబు రాకపోతే, ఆగస్టు 8 నుంచి ఏడాదిలోగా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. కంపెనీ మళ్లీ తిరస్కరిస్తే ఆ జవాబు అందినప్పటి నుంచి ఏడాది. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లు. దాన్ని తిరస్కరణ లేఖ తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. కంపెనీకి మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాసినంత మాత్రాన ఆ గడువు పెరగదు. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ అదే ఫిర్యాదును తీసుకోరు. అందుకే ముందు అంబుడ్స్‌మన్, అక్కడ న్యాయం జరగకపోతే కమిషన్ అన్న వరుసలో వెళ్లడం మేలు.

మీ వాడలో ఎవరైనా ఇలాంటి లేఖ తెస్తే, ముందు దాని వెనక అందిన తేదీ రాయించండి. తర్వాత పాలసీ బాండు తెప్పించి, పునరుద్ధరణ జరిగిందా అని అడగండి.