మూసినా తెరుచుకునే కప్‌బోర్డు తలుపు

కప్‌బోర్డు తలుపు మూయగానే వెనక్కి వస్తుంటే మాగ్నెట్‌నే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు తలుపుకున్న ఇనుప రేకుది. రేకు ఒక మూలే ఆనితే పట్టు చాలదు. మాగ్నెట్ మరీ ముందుకుంటే తలుపు పూర్తిగా పడకముందే దానికి కొట్టుకుని తిరిగొస్తుంది. ముందుగా బందుల స్క్రూలు బిగించాలి. తలుపు జారి ఉంటే మిగతా సర్దుబాటంతా వృథా.

అరిగిన రోలర్ క్యాచ్ తీసేసి మాగ్నెట్ పెట్టేటప్పుడు, పాత రంధ్రాల్లో జిగురు పూసిన అగ్గిపుల్లలు దూర్చి, ఆరాక స్క్రూ ఎక్కించాలి. మాగ్నెట్‌ను పొడవాటి రంధ్రాల్లో వదులుగా బిగించి, రేకును దానికే అతికించి, వీపున సుద్ద రాసి తలుపు మూయాలి. గుర్తు పడినచోటే రేకు బిగించాలి. తర్వాత మాగ్నెట్‌ను కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ, తలుపు అంచు పెట్టెకు ఆనీ ఆనగానే రేకు అంటుకునేచోట స్క్రూలు గట్టిగా బిగిస్తే సరి.